కిస్తీ గుర్తు చేసే మెసేజ్ ఎలా రాయాలి? నా మెసేజ్ చూసి ఒక అక్క మీటింగ్‌కే రాలేదు

బోరబండ_ఫీల్డ్
మైక్రోఫైనాన్స్ కంపెనీలో ఫీల్డ్ ఆఫీసర్‌గా ఏడాదిన్నర నుంచి చేస్తున్నాను. బోరబండ వైపు నాకు 14 సెంటర్లు ఉన్నాయి. ఒక సెంటర్‌లో పది మంది గ్రూపు, తలా 40,000 లోన్, 24 నెలలు, నెలకు కిస్తీ 2,115. ప్రతి నెలా రెండో బుధవారం మీటింగ్. ఈ నెల 10న జరిగింది. అంతకు రెండు రోజుల ముందు, సోమవారం రాత్రి, గ్రూపు వాట్సాప్‌లో ఈ మెసేజ్ పెట్టాను:

"ముఖ్య గమనిక: గ్రూపు సభ్యులు తమ రుణ వాయిదాలను ఈ నెల మీటింగ్ తేదీలోగా విధిగా చెల్లించవలెను. గ్రూపు డిమాండ్ రూ. 21,150. గత నెల ఆలస్యంగా చెల్లించినవారు: (ఇక్కడ ఇద్దరి పేర్లు రాశాను). చెల్లించని యెడల పెనాల్టీ, సిబిల్ ఎఫెక్ట్, చట్టపరమైన చర్యలు ఉండును. గ్రూపు మొత్తం బాధ్యత వహించవలెను."

మీటింగ్‌కు తొమ్మిది మందే వచ్చారు. రాని అక్క, నేను పేరు రాసిన ఇద్దరిలో ఒకరు. వాట్సాప్ గ్రూపులోంచి కూడా బయటికి వెళ్లిపోయారు. వచ్చినవాళ్లలో ఇద్దరు ముఖం తిప్పుకుని డబ్బు లెక్కపెట్టి ఇచ్చి లేచిపోయారు. నేను ఎవరినీ తిట్టలేదు, గట్టిగా మాట్లాడే అలవాటు కూడా లేదు. పాత ఆఫీసర్ వాడిన మెసేజ్‌నే కాస్త మార్చి పంపాను. మర్యాదగా, అందరికీ అర్థమయ్యేలా దీన్ని ఎలా మార్చాలో చెప్పండి. రేపు పొద్దున ఆ అక్క ఇంటికి వెళ్లి మాట్లాడదామని ఉంది.

తెలుగు_పంతులు
భాష కటువుగా ఉంది, అదే సమస్య. "చెల్లించవలెను" తీసేసి "దయచేసి చెల్లించగలరని మనవి" అని పెట్టండి. "ఉండును", "యెడల" కూడా తీసేయండి. సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

రికవరీ_రవి
మెసేజ్‌లో నాకు తప్పేం కనిపించట్లేదు. బ్యాంకు రికవరీలో ఆరేళ్లు చేశాను. సిబిల్ అన్న మాట లేకపోతే ఎవరూ కదలరు. మర్యాద ఎక్కువైతే డబ్బు రాదు బ్రదర్. టైమ్ ఒక్కటి చూసుకో. పొద్దున 8 నుంచి రాత్రి 7 మధ్యలోనే కాంటాక్ట్ చేయాలని రూలు.

పాత_బ్రాంచి_మేనేజర్
రేపు ఇంటికి వెళ్లకండి. మెసేజ్ సంగతి కన్నా ముందు ఇది చెప్పాలి. మైక్రోఫైనాన్స్ లోన్లకు 2022 ఏప్రిల్ నుంచి ఆర్‌బీఐ నియమాలు వేరుగా ఉన్నాయి. వసూలు కంపెనీ, అప్పు తీసుకున్న మనిషి ఇద్దరూ ఒప్పుకున్న చోటే జరగాలి, అంటే మీ సెంటర్ దగ్గర. మనిషి వరుసగా రెండుసార్లు లేదా అంతకన్నా ఎక్కువసార్లు ఆ చోటికి రాకపోతేనే ఇంటికో పని దగ్గరికో వసూలుకు వెళ్లొచ్చు. ఆవిడ రానిది ఒక్కసారి. "మాట్లాడటానికే వెళ్లాను" అని మీరు అనుకుంటారు. కానీ గల్లీలో బండి ఆపి, మెడలో ఐడీ కార్డుతో గుమ్మం ముందు నిలబడితే చుట్టుపక్కలవాళ్లకు ఏం అర్థమవుతుందో మీకు తెలుసు. ఫోన్ చేయండి. ఒక్కసారే, పగటిపూట.

రవి గారూ, 8 నుంచి 7 అనేది మామూలు లోన్ల రికవరీకి. మైక్రోఫైనాన్స్‌లో పొద్దున 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేస్తే అది వేధింపు కిందికే వస్తుంది. పదే పదే చేయడం కూడా అంతే.

ఇక మెసేజ్. ఆ వేధింపుల జాబితాలోనే "అప్పు తీసుకున్నవారి పేర్లు బయటపెట్టడం" అని స్పష్టంగా ఉంది. పది మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో రెండు పేర్లు రాయడం అంటే అదే. పైగా ఆ ఇద్దరూ పోయిన నెల కిస్తీ కట్టేసినవాళ్లు, బాకీ ఉన్నవాళ్లు కాదు. ఈ నెల కిస్తీకి ఇంకా రెండు రోజులు ఉండగానే మీరు వాళ్లను దొంగల్లా నిలబెట్టారు. పంతులు గారు చెప్పినట్టు "మనవి" చేర్చినా ఆ పేర్లు అక్కడే ఉంటాయి కదా.

సెంటర్‌లీడర్_జగద్గిరిగుట్ట
మా గ్రూపుల కూడా ఇట్లనే ఒకసారి అయింది. నేను పదకొండేళ్ల నుంచి సెంటర్ లీడర్‌ను. నేను లోన్ తీసుకునేదాన్ని, ఇచ్చేదాన్ని కాదు, అందుకే ఇటు పక్క నుంచి చెప్తా.

మనవి అంటే కోర్టు కాగితం గుర్తొస్తది. "చెల్లించగలరు" అంటే మా ఆడవాళ్లకు "కట్టే తాకత్ ఉన్నది నీకు" అన్నట్టు వినిపిస్తది. మేము ఇంట్ల, మీటింగ్‌ల అనే మాట కిస్తీ, కట్టుడు. "అక్కా, కిస్తీ ఫలానా రోజు" అంటే అయిపోయింది. అందులనే మర్యాద ఉన్నది.

నువ్వు పెట్టిన మెసేజ్‌ల నాకు అన్నిటికంటే ముందు కనపడ్డది ఒకటి ఉన్నది తమ్ముడూ. అందుల తేదీ లేదు. "మీటింగ్ తేదీలోగా" అన్నవ్. ఏ తేదీ? పోయిన నెల ఎన్నో తారీఖున పెట్టినవ్ మీటింగ్?

బోరబండ_ఫీల్డ్
మే 13, అక్కా. రెండో బుధవారం కదా, మేలో అది 13న వచ్చింది. జూన్‌లో 10. జులైలో 8 అవుతుంది.

సెంటర్‌లీడర్_జగద్గిరిగుట్ట
చూసినవా మరి. మీకు రెండో బుధవారం. మాకు తారీఖు. జీతాలు, కిరాయి, చిట్టి, అన్నీ తారీఖు మీదనే నడుస్తయి. పోయిన నెల 13 అంటే ఈ నెల కూడా 13 అనుకుంటరు. ఆ అక్కకు ఫోన్ చేసినప్పుడు ఈ ముచ్చట అడుగు.

మల్కాజిగిరి_అమ్మ
మా మహిళా సంఘానికి బ్యాంకు లోన్ ఉంది బాబూ. వడ్డీ రాయితీ డబ్బులు ఇంకా పడలేదు. దానికి ఎవరిని అడగాలి? మీ ఆఫీసులో చెప్తారా?

పాత_బ్రాంచి_మేనేజర్
అమ్మా, అది వేరే అండి. మీది పొదుపు సంఘం, బ్యాంకు నుంచి వచ్చిన అప్పు. ఇక్కడ మాట్లాడేది ప్రైవేటు కంపెనీ ఇచ్చిన గ్రూపు లోన్ గురించి. సిటీలో సంఘాలను మెప్మా చూస్తుంది, మీ సంఘం రిసోర్స్ పర్సన్‌ను అడగండి.

లాస్య_మెసేజింగ్
ఎస్సెమ్మెస్‌లు పంపే సిస్టమ్‌ల మీద పని చేస్తాను. వాట్సాప్ అందరి దగ్గరా ఉందా అనేది నా ప్రశ్న. మామూలు ఎస్సెమ్మెస్ అయితే పొడవు లెక్క చూసుకోవాలి. ఇంగ్లీషు అక్షరాలైతే ఒక మెసేజ్‌లో 160 పడతాయి. తెలుగు అయితే 70 మాత్రమే. అది కూడా మనం చదివే అక్షరాల లెక్క కాదు. ఒత్తు, గుణింతం విడివిడిగా లెక్కకు వస్తాయి. "కిస్తీ" మనకు రెండు అక్షరాలు, ఫోన్‌కు ఆరు. మీ పాత మెసేజ్ ఎస్సెమ్మెస్‌గా పంపితే ముక్కలుముక్కలుగా వెళ్తుంది. ఫోన్లు వాటిని కలిపే చూపిస్తాయి, కానీ పాత కీప్యాడ్ ఫోన్లలో ఒక ముక్క ముందు, ఒక ముక్క వెనుక రావడం నేను చూశాను. "చట్టపరమైన చర్యలు" ఉన్న ముక్క ముందు వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

బోరబండ_ఫీల్డ్
పది మందిలో ముగ్గురికి వాట్సాప్ లేదు లాస్య గారూ. ఇద్దరివి కీప్యాడ్ ఫోన్లు. ఒక అక్క ఇచ్చింది కొడుకు నంబరు.

టైలర్_షాహీన్
నా అనుభవం కొంచెం వేరు. మా గల్లీలో పాత ఆఫీసర్ ఇలాగే వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి, కింద తన సొంత ఫోన్‌పే నంబరు పెట్టేవాడు. "మీటింగ్‌కు రాలేనివారు దీనికి పంపండి" అని. నేను రెండు నెలలు అలాగే పంపాను. నా లోన్ కార్డులో మాత్రం ఎక్కించలేదు. అడిగితే తర్వాత ఎక్కిస్తానన్నాడు. మూడో నెలకు ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. ఫోన్‌లో ఉన్న పేమెంట్లు చూపించి బ్రాంచి చుట్టూ నాలుగు నెలలు తిరిగితే అప్పుడు జమ చేశారు. కుట్టు పని ఆపుకుని తిరిగాను. అందుకే మీరు ఏ మెసేజ్ రాసినా డబ్బు ఎక్కడ కట్టాలో, రశీదు తీసుకోవాలని తప్పకుండా రాయండి. మీ సొంత నంబరుకు డబ్బు పంపవద్దని కూడా రాయండి. అది చదివితే మీ మీద నమ్మకం పెరుగుతుంది, తగ్గదు.

ఇంకొకటి. మా వైపు సగం మంది తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. అంకెలు చదువుతారు. వాళ్లకు వాయిస్ మెసేజ్ పెట్టండి, ఒకసారి తెలుగులో, ఒకసారి ఉర్దూలో.

రికవరీ_రవి
టైమ్ గురించి మేనేజర్ గారు చెప్పింది ఒప్పుకుంటాను, నాకు తెలిసింది బ్యాంకు లోన్లది. కానీ సిబిల్ సంగతి అబద్ధం కాదుగా? లేటు అయితే క్రెడిట్ రిపోర్టులో పడుతుంది. నిజం చెప్పడం కూడా బెదిరింపేనా?

పాత_బ్రాంచి_మేనేజర్
మంచి ప్రశ్న. రిపోర్టులో పడుతుందన్నది నిజమే. మైక్రోఫైనాన్స్ లోన్ల వివరాలు కూడా క్రెడిట్ బ్యూరోలకు వెళ్తాయి. ఆ మాట లోన్ ఇచ్చే రోజు కూర్చోబెట్టి చెప్పాలి. నిజంగా ఆలస్యమైతే ఆ ఒక్క మనిషికి విడిగా మళ్లీ చెప్పాలి. గడువుకు రెండు రోజుల ముందు, ఎన్నడూ కిస్తీ తప్పని ఎనిమిది మందితో సహా అందరికీ చెప్తే అది బెదిరింపుగానే వినిపిస్తుంది.

"చట్టపరమైన చర్యలు" అన్నది ఇంకా పెద్ద తప్పు. 2,115 రూపాయల కిస్తీ ఒక రోజు ఆలస్యమైతే మీ కంపెనీ ఏ చట్టపరమైన చర్య తీసుకుంటుంది? తీసుకోదు. కట్టకపోతే ఏమవుతుందన్న విషయంలో మనిషిని తప్పుదారి పట్టించడం కూడా ఆ నియమాల ప్రకారం వేధింపే. పెనాల్టీ మాట కూడా అంతే. ఆలస్యమైన కిస్తీ మొత్తం మీదే పెనాల్టీ వేయాలి, మొత్తం లోన్ మీద కాదు. మీ మెసేజ్ చదివిన మనిషికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? ఉత్త "పెనాల్టీ" అంటే 40,000 మీద అనే అనుకుంటారు.

గడువుకు ముందు పంపే మెసేజ్ పని గుర్తు చేయడం, అంతే. ఎప్పుడు, ఎక్కడ, ఎంత. ఆలస్యం అయ్యాక మాట్లాడే మాటలు వేరు, అవి ఒక్కరితో, ఫోన్‌లో. ఈ రెండింటినీ ఒకే మెసేజ్‌లో కలిపారు కాబట్టే కట్టేవాళ్లకు కోపం వచ్చింది, కట్టడానికి ఇబ్బంది పడేవాళ్లు దాక్కున్నారు.

2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్ కంపెనీల మీద ఆర్డినెన్స్ వచ్చినప్పుడు నేను ఫీల్డ్‌లోనే ఉన్నాను. వసూళ్లు ఆగిపోయాయి. అంతకు ముందు వారం వరకు "అన్నా టీ తాగి పో" అన్న ఇళ్లలోనే తలుపులు వేసుకున్నారు. అప్పటిదాకా మా వాళ్లు గుమ్మాల ముందు ఏమేం మాట్లాడారో అప్పుడు అర్థమైంది.

సెంటర్‌లీడర్_జగద్గిరిగుట్ట
"గ్రూపు డిమాండ్ 21,150" అంటే ఏంది తమ్ముడూ? మమ్మల్ని డిమాండ్ చేస్తున్నరా?

బోరబండ_ఫీల్డ్
అది మా ఆఫీసు మాట అక్కా. ఆ రోజు ఒక సెంటర్ నుంచి రావాల్సిన మొత్తం కిస్తీని డిమాండ్ అంటాం. రోజూ పొద్దున డిమాండ్ షీట్ ఇస్తారు. పది మందివి కలిపితే 21,150. రోజూ వాడే మాట కదా, బయటివాళ్లకు ఎలా వినిపిస్తుందో ఆలోచించలేదు. తీసేస్తాను.

సెంటర్‌లీడర్_జగద్గిరిగుట్ట
తీసేయ్. గ్రూపు మొత్తం అంకె మాకెందుకు? నా కిస్తీ ఎంతో అది చెప్పు.

బోరబండ_ఫీల్డ్
ఆ అక్కకు ఇవాళ 11 గంటలకు ఫోన్ చేశాను. మొదటిసారి ఎత్తలేదు. మళ్లీ చేయలేదు. మధ్యాహ్నం ఆవిడే చేశారు. లీడరక్క చెప్పింది నిజమే. ఆవిడ 13 అనే అనుకున్నారు. డబ్బు 12న చిట్టి నుంచి వస్తుందట, అది చూసుకునే ఉన్నారు. సోమవారం రాత్రి మెసేజ్‌లో తన పేరు చూసి, "పోయిన నెల ఒక్క రోజు లేటైతే పది మందిలో పేరు పెడతారా" అని గ్రూపులోంచి వెళ్లిపోయారు. దాంతో బుధవారం పొద్దున నేను పెట్టిన "ఇవాళే మీటింగ్" అన్న మెసేజ్ ఆవిడకు చేరలేదు.

ఇంకో సంగతి కూడా బయటపడింది. మా కంపెనీ సిస్టమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ దానంతటదే వెళ్తుంది. అందులో కిస్తీతో పాటు ఔట్‌స్టాండింగ్ అని మిగిలిన అసలు కూడా ఉంటుంది. ఎనిమిది కిస్తీలు అయ్యాయి కాబట్టి ఆవిడకు అది 28,700 పైచిలుకు. కొడుకు పదో తరగతి. వాడు చదివి "అమ్మా, 28 వేలు ఒకేసారి కట్టమంటున్నరు" అన్నాడట. అటు ఆ అంకె, ఇటు నా మెసేజ్‌లో చట్టపరమైన చర్యలు. ఆ రాత్రి నిద్రపోలేదన్నారు. వింటుంటే నాకు చాలా బాధగా అనిపించింది. క్షమించమని అడిగాను. 13న బ్రాంచికి వచ్చి కడతానన్నారు.

లాస్య_మెసేజింగ్
రెండు అంకెలు ఉన్న మెసేజ్‌లో జనం కన్ను పెద్ద అంకె మీదే పడుతుంది. గుర్తు చేసే మెసేజ్‌లో ఒక్క మొత్తమే ఉండాలి. మిగిలిన అసలు ఎంతో రశీదులో, లోన్ కార్డులో చూపిస్తే చాలు. ఆ టెంప్లేటు మార్చమని మీ హెడ్డాఫీసుకు రాయండి. బల్క్ ఎస్సెమ్మెస్ టెంప్లేట్లు రిజిస్టర్ చేయించి పంపాలి కాబట్టి వెంటనే మారదు, కానీ మారుతుంది.

తెలుగు_పంతులు
నేను భాష వరకే చూశాను, పేర్ల సంగతి మేనేజర్ గారు చెప్పాక అర్థమైంది. ఒక మాట మాత్రం వదలను. "తేదీలోగా" అన్నది కూడా తీసేయండి. 10లోగా అంటే 10 కలుస్తుందా, 9కే ముగుస్తుందా అని చదువుకున్నవాళ్లే తడబడతారు. "10న" అంటే ఏ సందేహమూ లేదు. అలాగే "వచ్చే బుధవారం" అని రాయకండి. సోమవారం చదివినవారికి అది ఎల్లుండా, పై వారమా? తారీఖు, వారం రెండూ పక్కపక్కన రాయండి.

సెంటర్‌లీడర్_జగద్గిరిగుట్ట
ఇప్పుడు పంతులుగారు మా సెంటర్‌కొచ్చి పాఠం చెప్పొచ్చు, టీ మేము పోస్తం.

పాత_బ్రాంచి_మేనేజర్
పంతులు గారి ఈ మాట బంగారం. బోరబండ తమ్ముడూ, కొత్త మెసేజ్ రాసి ఇక్కడ పెట్టండి, చూద్దాం.

బోరబండ_ఫీల్డ్
ఇదిగో, జులైకి:

"అక్కలకు, అమ్మలకు నమస్తే. మన సెంటర్ కిస్తీ జులై 8, బుధవారం. పొద్దున 10 గంటలకు కమ్యూనిటీ హాల్ దగ్గర. కిస్తీ రూ. 2,115. పోయిన నెల 10న కట్టాం, ఈ నెల 8న. తేదీ మారింది, చూసుకోండి. కట్టిన వెంటనే రశీదు తీసుకోండి. నా సొంత నంబరుకు డబ్బు పంపకండి. ఏదైనా ఇబ్బంది ఉంటే ముందే నాకు ఫోన్ చేయండి, పొద్దున 9 నుంచి సాయంత్రం 6 వరకు."

టైలర్_షాహీన్
సొంత నంబరు మాట పెట్టారు, సంతోషం. మీటింగ్‌కు రాలేనివాళ్లు ఎక్కడ కట్టాలో కూడా రాయండి. బ్రాంచిలోనా, కంపెనీ క్యూఆర్ ఉందా?

బోరబండ_ఫీల్డ్
బ్రాంచిలో క్యూఆర్ ఉంది, లోన్ కార్డు వెనకాల కూడా ముద్రించి ఉంది. "రాలేకపోతే లోన్ కార్డు వెనక ఉన్న క్యూఆర్‌కు, లేదా బ్రాంచిలో" అని చేరుస్తాను.

రికవరీ_రవి
మెసేజ్ బాగుంది, ఒప్పుకుంటున్నా. కానీ చివరి లైను చూడు. "ఇబ్బంది ఉంటే ఫోన్ చేయండి" అంటే పది మందిలో నలుగురు చేస్తారు. జూన్, జులైలో స్కూలు ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు. అందరికీ ఇబ్బందే. చేసినవాళ్లకు నువ్వు ఏం చెప్తావ్?

పాత_బ్రాంచి_మేనేజర్
రవి గారు అడిగింది సరైన చోట తగిలింది. తమ్ముడూ, మీ చేతిలో ఏముందో ముందు మీ మేనేజర్‌ను అడిగి తెలుసుకోండి. కొన్ని కంపెనీల సిస్టమ్ సగం కిస్తీ కూడా జమ చేసుకుంటుంది, కొన్ని పూర్తి మొత్తమే తీసుకుంటాయి. రెండు రోజులు ఆగడానికి మీకు అధికారం లేకపోతే, ఫోన్ చేసిన అక్కకు "సరే లెండి" అని చెప్పకండి. తర్వాత రిపోర్టులో ఆలస్యం పడితే మీరు మోసం చేసినట్టు అవుతుంది. "మేనేజర్‌తో మాట్లాడి సాయంత్రంలోగా చెప్తాను" అనండి, చెప్పండి. నా అనుభవంలో ముందే ఫోన్ చేసేవాళ్లు చాలావరకు కట్టేవాళ్లే. చేయకుండా రానివాళ్ల దగ్గరే అసలు కష్టం ఉంటుంది, వాళ్ల విషయం మీకు చివరిదాకా తెలియదు.

రికవరీ_రవి
మేనేజర్ ఒప్పుకోకపోతే? టార్గెట్ ఈ అబ్బాయి మీద ఉంటుంది, మనసులో టెన్షన్ కూడా ఇతనికే.

పాత_బ్రాంచి_మేనేజర్
అప్పుడు ఆ లైను పెట్టకూడదు. ఇవ్వలేని దాన్ని మెసేజ్‌లో రాయడం కన్నా రాయకపోవడమే మర్యాద.

వనస్థలిపురం_చంద్రిక
నేను గ్రూపు మెంబర్‌ను, అందరూ ఒక పక్కే మాట్లాడుతున్నారు కాబట్టి రాస్తున్నా. మా గ్రూపులో ఎవరు కట్టలేదో మాకు చెప్పకపోతే ఎలా? రాని మనిషి కిస్తీ మేమే తలా కొంత వేసి కడుతున్నాం. పోయిన ఏడాది ఒకామె వరుసగా మూడు నెలలు రాలేదు, మా నలుగురి మీదే పడింది. ఆఫీసర్ మాకు ముందు చెప్పలేదు, మీటింగ్‌లో చివర్లో అన్నాడు. అప్పటికప్పుడు డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? పేరు పెట్టొద్దంటారు, డబ్బు మాత్రం మమ్మల్ని పెట్టమంటారు.

పాత_బ్రాంచి_మేనేజర్
మీ బాధ నిజం. గ్రూపు హామీ మీద ఇచ్చిన లోన్లో ఈ చిక్కు ఎప్పుడూ ఉంటుంది. నేను చేసిన పద్ధతి చెప్తాను. వాట్సాప్‌లో ఎప్పుడూ పేరు రాయలేదు. రాలేనని ఎవరైనా ముందే చెప్తే, "లీడర్‌కు మీరే చెప్తారా, నన్ను చెప్పమంటారా" అని ఆ మనిషినే అడిగేవాడిని. చాలామంది తామే చెప్పేవాళ్లు. కూర్చుని మాట్లాడుకునేది ముఖాముఖి, గుప్పున ఫోన్లోకి వచ్చి పడేది వేరు. ఆ స్క్రీన్‌షాట్ అత్తగారి ఫోన్‌కూ వెళ్తుంది, పిల్లల స్కూలు గ్రూపుకూ వెళ్తుంది.

వనస్థలిపురం_చంద్రిక
ఆ మనిషి చెప్పకపోతే?

సెంటర్‌లీడర్_జగద్గిరిగుట్ట
చంద్రికా, దానికి నా దగ్గర కూడా జవాబు లేదు. మా గ్రూపుల ఒకామె చెప్పలే, మేము తలా 530 వేసి కట్టినం. తర్వాత తెలిసింది, ఆమె మొగుడు మేస్త్రీ, పరంజా మీదికెళ్లి పడి కాలు ఇరిగింది. నాలుగు గల్లీల అవతల ఉంటది, మాకే తెల్వలే. అప్పుడు కోపం పోయింది కానీ 530 పోయింది కదా. ఇద్దరి దిక్కు న్యాయం ఉన్నది.

లాస్య_మెసేజింగ్
కీప్యాడ్ ఫోన్ల వాళ్లకు చిన్న ఎస్సెమ్మెస్ ఇలా పంపొచ్చు. లెక్కపెట్టాను, 56 వస్తుంది, 70లో పడుతుంది:

```
కిస్తీ జులై 8 బుధవారం పొద్దున 10 గం. హాల్ దగ్గర. రూ.2115
```

పెద్ద మెసేజ్ వాట్సాప్‌లో ఉంచండి. ఒక సందేహం. పది మందికీ కిస్తీ ఒకటేనా? ఎవరైనా వేరే మొత్తం తీసుకుంటే గ్రూపులో అంకె పెట్టొద్దు. ఎవరి అప్పు ఎంతో అందరికీ తెలిసిపోతుంది. తేదీ, చోటు గ్రూపులో, మొత్తం విడిగా.

బోరబండ_ఫీల్డ్
ఈ సెంటర్‌లో అందరికీ ఒకటే. కానీ ఇంకో సెంటర్‌లో వేరువేరు ఉన్నాయి. అక్కడ అలాగే చేస్తాను.

టైలర్_షాహీన్
రాత్రి పంపకండి, అది మర్చిపోయారు. నియమం ఫోన్ కాల్‌కే అని అనొచ్చు, కానీ రాత్రి 8:40కి అప్పు మాట మోగితే ఇంట్లో అందరూ ఉంటారు. మా ఆయన ఎదురుగా ఫోన్ తీయడానికే భయమేసేది. పొద్దున 11 ప్రాంతంలో పంపండి, పిల్లలు స్కూలుకు, మగవాళ్లు పనికి వెళ్లి ఉంటారు.

బోరబండ_ఫీల్డ్
నెల తర్వాత మళ్లీ రాస్తున్నాను. జులై 4న, శనివారం 11 గంటలకు మెసేజ్ పెట్టాను. లీడర్‌తో తెలుగులో, ఇంకో అక్కతో ఉర్దూలో చిన్న వాయిస్ మెసేజ్ చేయించాను, 20 సెకన్లు కూడా లేదు. నా గొంతుతో కాకుండా వాళ్ల గొంతుతో ఉంటే బాగుంటుందని లీడరే అన్నారు. "ఇబ్బంది ఉంటే" అన్న లైను ఉంచాను. మా మేనేజర్ రెండు రోజుల వరకు తనకు చెప్తే చూస్తానన్నారు, అది దాటితే తన చేతిలో లేదన్నారు.

ఇద్దరు ఫోన్ చేశారు. ఒక అక్క 9న కడతానన్నారు, కట్టారు. ఇంకొకరికి కిస్తీ సంగతే కాదు, లోన్ కార్డు పోయిందట, కొత్తది కావాలన్నారు. మీటింగ్‌కు తొమ్మిది మంది వచ్చారు. పోయిన నెల రాని అక్క వచ్చారు. వెనక వరసలో కూర్చున్నారు, నాతో ఎక్కువ మాట్లాడలేదు. రశీదు తీసుకుని, "ఆగస్టుల ఎన్నో తారీఖు?" అని మాత్రం అడిగారు. 12 అని లోన్ కార్డు మీద పెన్నుతో రాసి ఇచ్చాను. వాట్సాప్ గ్రూపులో మాత్రం మళ్లీ చేరలేదు. చేరమని నేనూ అడగలేదు. ఆవిడకు విడిగా పంపుతున్నాను.

సిస్టమ్ ఎస్సెమ్మెస్‌లో ఔట్‌స్టాండింగ్ ఇంకా వస్తూనే ఉంది. హెడ్డాఫీసుకు రెండుసార్లు మెయిల్ చేశాను.

సెంటర్‌లీడర్_జగద్గిరిగుట్ట
మూడోసారి కూడా చెయ్యి. ఆ మెయిల్‌ల ఆమె కొడుకు చదివిన ముచ్చట రాయి, అంకెలు కాదు.

వనస్థలిపురం_చంద్రిక
ఆ వాయిస్ మెసేజ్‌లో ఏం చెప్పించారో ఇక్కడ రాస్తారా? మా ఆఫీసర్‌కు చూపిస్తాను.

బోరబండ_ఫీల్డ్
లీడరక్క మాటల్లోనే: "అక్కా, బుధవారం ఎనిమిదో తారీఖు, పొద్దున పదింటికి హాల్ దగ్గర. పోయిన నెల పది ఉండె, ఈ నెల ఎనిమిది. రెండు వేల నూట పదిహేను. రశీదు తీసుకోండ్రి. వస్తరు కదా."